పెసర మొలకల మీది తెల్లటి నూగు బూజేనా? ఫొటో చూసి ఏం చెప్పొచ్చు, ఏం చెప్పలేం

ప్రశ్న: నిన్న పొద్దున 8 గంటలకు పెసలు నానబోశాను. సాయంత్రం 6 గంటలకు నీళ్లు వార్చి గుడ్డలో మూట కట్టాను. మళ్లీ కడగలేదు. ఇవాళ సాయంత్రం 5 గంటలకు విప్పి ఈ ఫొటో తీశాను. తోకల చుట్టూ తెల్లగా నూగులాంటిది ఉంది, కొన్నిటి కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. బూజు పట్టినట్టేనా? పచ్చిగా తినొచ్చా, పారేయాలా?

జవాబు:

తోకల చుట్టూ ఉన్న ఆ తెల్లటి నూగు బూజు కాదు, వేరు నూగు. మొలకెత్తడం వరకు సరిగ్గానే జరిగింది. అయితే ఫొటోలో కుడివైపు కింద, గుడ్డ మడత దగ్గర నాలుగు గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, వాటి మీద నాకు అనుమానంగా ఉంది. వాటి సంగతి తేలేదాకా ఈ మూటలోంచి ఒక్క గింజ కూడా తినకండి. అవి బాగానే ఉన్నాయని తేలినా ఉడికించే తినండి, పచ్చిగా వద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు నూగు సంగతి. పెసర గింజకు ఒక పక్క చిన్న తెల్లటి గీత ఉంటుంది, దాన్నే గింజ కన్ను అంటారు. మొలక వచ్చేటప్పుడు ఆ కన్ను పక్కనే పొట్టు చిట్లి, మొదట వేరు బయటికొస్తుంది. మనం తోక అనుకునేది ఈ వేరునే. అది కొంచెం పొడుగయ్యాక, నేలలో ఉన్నట్టే నీటిని పీల్చుకోవడానికి సన్నటి వెంట్రుకలు వేస్తుంది. మూట లోపల గాలి తేమగా ఉండి, వేరుకు తాకే నీళ్లు తక్కువైతే ఆ వెంట్రుకలు మరీ ఒత్తుగా లేస్తాయి. మీరు మళ్లీ కడగలేదు కాబట్టి ఇంతగా కనిపిస్తున్నాయి.

ఇది బూజు కాదని ఫొటోలో మూడు సంగతుల వల్ల తెలుస్తోంది. ఒకటి, నూగు తోక మీదే ఉంది, గింజ పొట్టు మీద లేదు. వేరు వెంట్రుకలు వేరు మీద తప్ప ఇంకెక్కడా మొలవవు. బూజుకు అలాంటి పట్టింపు లేదు. పొట్టు మీద, విరిగిన బద్ద మీద, ఎక్కడ దొరికితే అక్కడ పడుతుంది. రెండు, తోక కొస నున్నగా ఉంది, దానికి కొంచెం వెనక నుంచి నూగు మొదలై చుట్టూ ఒకే ఎత్తున, సీసాలు కడిగే బ్రష్‌లాగా ఉంది. పెరిగే కొస మీద వెంట్రుకలు రావు, దాని వెనక భాగంలోనే వస్తాయి. మూడు, దాదాపు ఒకే పొడుగున్న తోకలన్నిటికీ ఒకేలా ఉంది. బూజు అలా అన్నిటికీ సమంగా రాదు. ఒకచోట మొదలై పక్కకు పాకుతుంది. ఒక గింజ నుంచి ఇంకో గింజకు సాలెగూడు దారాల్లాంటివి వేస్తుంది.

రంగు కూడా చూడాలి గానీ, దాన్ని ఆఖరున చూడండి. బూడిద, నలుపు, నీలం కలిసిన పచ్చ, గులాబీ రంగుల్లో నూగు కనిపిస్తే అది బూజే, ఇంక ఆలోచించక్కర్లేదు. కానీ తెల్లగా ఉన్నంత మాత్రాన వేరు నూగే అనుకోకూడదు, ఎందుకంటే మొదటి రోజు బూజు కూడా తెల్లగానే ఉంటుంది. అందుకే రంగు కంటే అది ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నదే నమ్మదగిన గుర్తు.

ఇక గోధుమ రంగు కొసలు. గోధుమ రంగు రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి ప్రమాదం లేనిది, రెండోది ఉన్నది. తేడా అంతా ఆ రంగు ఎక్కడ మొదలైందన్న దాంట్లోనే ఉంది. కొస మాత్రమే గోధుమ రంగులో ముడుచుకుని, మిగతా తోక తెల్లగా బిగువుగా ఉంటే అది ఆరిపోవడం వల్ల వచ్చింది. గుడ్డను ఆనుకున్న పై వరసలో తేమ ముందు ఆరుతుంది, లేత కొస అక్కడే వాడుతుంది. మీ ఫొటోలో గోధుమ కొసలున్నవి దాదాపు అన్నీ అంచుల్లోనే ఉన్నాయి, మధ్యలో ఉన్నవాటి కొసలు తెల్లగానే ఉన్నాయి. కాబట్టి ఇది ఆరిన గుర్తు. రుచి కాస్త తగ్గుతుంది, అంతే.

అలా కాకుండా తోక గింజను అంటుకునే మొదట్లో రంగు మారి, ఆ చోట గాజులాగా వెలుగు దూరేట్టు కనిపిస్తే అది కుళ్లు. మంచి తోక పాలమీగడ రంగులో ఉంటుంది, అవతలి వైపు కనిపించదు, వంచితే పుటుక్కున విరుగుతుంది. కుళ్లిన తోక విరగదు, వేళ్ల మధ్య నలిగి జారిపోతుంది. ఫొటో చూసే నాకు విరిచి చూసే వీలు లేదు, మీకుంది. మధ్యలోంచి ఐదారు తీసి విరిచి చూడండి.

కొన్ని తోకలకూ బద్దలకూ లేత పచ్చ రంగు ఉంది, అదీ మీరు అడగకపోయినా చెబుతున్నాను. వెలుగు తగిలితే మొక్కకు వచ్చే పచ్చదనమే అది. పచ్చబడిన బంగాళదుంప మంచిది కాదని విన్నవాళ్లు దీనికీ భయపడతారు. పెసలకు ఆ భయం లేదు, కాస్త చేదు వస్తుంది. కొన్ని రకాల్లో కాండం మీద ఊదా ఛాయ కూడా వస్తుంది, అదీ సహజమే.

ఇప్పుడు ఆ నాలుగు గింజలు. వాటిలో రెండింటికి అసలు తోక లేదు. పొట్టు ఊడిపోయి బద్దలు విడిపోయాయి. అంటే అవి మొలకెత్తని గింజలు. బతికున్న గింజ మొలకెత్తుతూ తనను తాను కొంత కాపాడుకుంటుంది. చచ్చిన గింజ, విరిగిన గింజ, పుచ్చు గింజ మాత్రం వెచ్చగా తడిగా ఉన్నచోట పడి ఉన్న పిండి ముద్దే. బూజైనా బాక్టీరియా అయినా ముందు అక్కడే మొదలవుతాయి. అందుకే ఎవరు మొలకల ఫొటో చూపినా ముందు మంచి మొలకలను కాదు, మొలకెత్తని వాటిని వెతికి చూడాలి. మీ ఫొటోలో ఆ రెండు గింజల మీద మసక తెలుపు పొర ఉంది, పక్క గింజకు అంటుకున్న చోట సన్నటి పోగులాంటిది కనిపిస్తోంది. బూజు పోగు కావచ్చు, గుడ్డ నుంచి ఊడిన నూలు కావచ్చు, తడి మెరుపూ కావచ్చు. ఫొటో చూసి ఇంతకంటే తేల్చలేను.

తేల్చుకోవడానికి ఇలా చేయండి. తెల్లటి గిన్నెలో మంచినీళ్లు పోసి, ఆ నాలుగింటినీ చెంచాతో తీసి అందులో వేయండి. చేత్తో పట్టుకుని వాసన చూడకండి, బూజైతే దాని పొడి ముక్కులోకి పోతుంది. పక్కన ఇంకో గిన్నెలో నూగున్న మంచి మొలకలు పది వేయండి. రెండు గిన్నెల్నీ పది సెకన్లు మెల్లగా తిప్పి చూడండి. మంచి మొలకల నూగు తడిసి తోకకు అతుక్కుని దాదాపు మాయమవుతుంది. వెంట్రుకలు ఎక్కడికీ పోలేదు, తడికి పడుకున్నాయి, అంతే. బూజైతే అలా మాయమవదు. ఊడిన దూదిపింజల్లాగా నీళ్లలో తేలుతుంది, లేదా గింజకూ గింజకూ మధ్య అలాగే వేలాడుతుంది. నీళ్లు మసకబారతాయి.

ఆ నాలుగింటి పొర నీళ్లలో పూర్తిగా పోయి, గింజలు విడివిడిగా, జిగట లేకుండా ఉంటే ఆ నాలుగింటినీ పారేసి మిగతావి ఉడికించుకోండి. పొర పోకపోయినా, రెండు వేళ్ల మధ్య నలిపితే తీగలాగా జిగురు సాగినా, మూటంతా పారేయండి. ఆ మూలవి తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. గట్టి పదార్థం మీద బూజు పడితే ఆ చోటు లోతుగా కోసి తీయొచ్చు. మొలకలు అలా కాదు. మూటలో అన్నీ ఒకే తడిలో, ఒకదానికొకటి ఆనుకుని 23 గంటలు ఉన్నాయి. కంటికి కనిపించే పోగు కంటే చాలా దూరం కనిపించనిది పాకి ఉంటుంది. ఉడికిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా అన్న మాట ఇక్కడ పనికిరాదు. కొన్ని బూజులూ కొన్ని బాక్టీరియాలూ పెరిగేటప్పుడు వదిలే విషాలు మరిగే నీళ్లకు కూడా చెడిపోవు. చెడిన మొలకలను మంట బాగుచేయలేదు.

వాసన కూడా ఫొటోలో రాదు, కానీ అది కంటికంటే ముందే చెబుతుంది. మూట విప్పిన మొదటి క్షణంలో చూడాలి, ఐదు నిమిషాలు ఆరిన తర్వాత కాదు. పచ్చి బఠాణీ గింజ వలిచినప్పటి వాసనలాంటిది రావాలి. పుల్లటి వాసన వచ్చిందంటే గింజలకు గాలి అందలేదు, లోపల పులియడం మొదలైంది. మక్కిన గుడ్డ వాసన బూజుది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అడగాల్సిన పనే లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మొలకెత్తడం సరిగ్గా జరిగిందా, చెడిందా అన్నదానికి. పచ్చిగా తినొచ్చా అన్నది వేరే ప్రశ్న, దానికి ఏ ఫొటో జవాబు చెప్పదు. దయచేసి ఈ తేడాను పట్టించుకోండి. మొలకలను చెడగొట్టే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బు పడేసేవి వేరు. మొదటివి జిగటో వాసనో రంగో చూపిస్తాయి. సాల్మొనెల్లా, ప్రమాదకరమైన రకం ఈ.కోలై లాంటివి ఏమీ చూపించవు. అవి పట్టిన మొలక కూడా తెల్లగా, బిగువుగా, మంచి వాసనతోనే ఉండగలదు.

అవి సాధారణంగా గింజతోనే వస్తాయి. పొలంలోనో నిల్వలోనో పశువుల పేడ, ఎలుకలు, పక్షులు, మురికి నీరు తగిలినప్పుడు పొట్టు మీది సన్నటి పగుళ్లలో చేరి, గింజ ఎండి ఉన్నన్నాళ్లూ నిద్రపోయినట్టు ఉంటాయి. మనం నానబెట్టి వెచ్చగా కట్టిపెట్టడం గింజకు ఎంత హాయో వాటికీ అంతే హాయి. వెచ్చటి చోట అరగంటకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా ఆ వేగంతోనే సాగితే పది గంటల్లో ఒకటి పది లక్షలు దాటుతుంది. మీ గింజలు నానిన పది గంటలు, మూటలో ఉన్న 23 గంటలు కలిపి 33 గంటలయింది. 2011లో జర్మనీలో ఈ.కోలై వ్యాపించి దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. కారణం వెతుక్కుంటూ వెళితే పచ్చిగా తిన్న మొలకల దగ్గరికి, వాటి వెనక మెంతి గింజల దగ్గరికి చేరారు.

కడిగితే పోవు. అవి పగుళ్ల లోపల ఉంటాయి, కొన్ని మొలక కణజాలంలోకే చేరతాయి. ఉప్పునీళ్లు, నిమ్మరసం, వెనిగర్ పైపైన కొన్నిటిని తగ్గిస్తాయి తప్ప లోపలికి అందవు. నమ్మదగినది వేడి ఒక్కటే. ఎక్కువ నీళ్లు తెర్లుతున్నప్పుడు మొలకలు వేసి, నీళ్లు మళ్లీ తెర్లడం మొదలయ్యాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి వార్చండి. ఒకేసారి ఎక్కువ వేస్తే నీళ్లు చల్లబడతాయి, అందుకే లెక్క వేసిన క్షణం నుంచి కాదు, మళ్లీ తెర్లినప్పటి నుంచి. ఆవిరి మీద పెడితే పలుచగా పరిచి, మధ్యలోవి కూడా పొగలు కక్కేంత వేడెక్కేదాకా ఉంచాలి. పచ్చి కరకర పోతుంది, కొరుకుడు మాత్రం ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వయసు పైబడినవాళ్లు, కీమోథెరపీ లాంటి చికిత్సల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో పచ్చి మొలకలు వాళ్ల కంచంలో పెట్టనే కూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తెలిసీ పచ్చిగా తింటే అది వాళ్ల నిర్ణయం. కానీ 23 గంటలు కడగకుండా ఉన్న మూటలోవి మాత్రం ఎవరూ అలా తినకూడదు.

ఇంకో అనుమానం కూడా ఉండొచ్చు కాబట్టి చెబుతున్నాను. మీ గింజలు విత్తనాల సంచిలోవి కావు కదా? విత్తడానికి అమ్మే పెసలకు శిలీంధ్రనాశక మందు పూసి, గుర్తు తెలియడానికి గులాబీ, ఎరుపు, నీలం లాంటి రంగు కలుపుతారు. అవి ఎంత కడిగినా, ఉడికించినా తినడానికి పనికిరావు. నానబెట్టిన నీళ్లు లేత పసుపుగానో కాస్త పచ్చగానో మారడం, పైన పలుచగా నురగ రావడం మామూలే. చిక్కటి ఆకుపచ్చ దిగితే గింజకు రంగు వేశారని అనుమానించాలి. తోకలు లేని మొదటి రోజు ఫొటో చూపేవాళ్లు నీళ్లను కూడా గాజు గ్లాసులో పోసి, వెనక తెల్ల కాగితం పెట్టి తీస్తే ఇది తెలుస్తుంది.

ఫొటో విషయానికి వస్తే, మీరు బల్బు వెలుగులో తీశారు కాబట్టి అంతా పసుపు తిరిగింది. లేత గోధుమ రంగు ఏది, బల్బు పసుపు ఏది అన్నది విడదీయడం కష్టమైంది. పైగా తడి మెరుపు జిగటలాగే కనిపిస్తుంది. మళ్లీ తీసేటప్పుడు కిటికీ పక్క పగటి వెలుతురులో, తెల్ల పళ్లెంలో పాతిక, ముప్పై మొలకలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. పక్కన స్కేలు పెట్టండి, తోక పొడవు తెలుస్తుంది. ఫోన్‌ను మరీ దగ్గరకు పెడితే మసకబారుతుంది, కొంచెం దూరం నుంచి జూమ్ చేయండి. కడగకముందు ఒకటి, కడిగి వార్చాక ఒకటి తీయండి. ఆ రెండూ పక్కపక్కన పెడితే నూగు ఏమిటన్నది చెప్పడానికి వేరే పరీక్ష అక్కర్లేదు. మొలకెత్తని వాటిని ఏరి విడిగా ఒక మూల పెట్టి తీయడం మరిచిపోవద్దు. అందరూ అందమైన మొలకల్ని ముందుకు పెట్టి తీస్తారు, చూడాల్సినవి వెనక పడిపోతాయి.

తోక పొడవు ఎందుకంటే, అది కాలాన్ని చెబుతుంది. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో వార్చిన 12 గంటలకు కొన్ని మిల్లీమీటర్లు, ఒక రోజుకు సుమారు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండాలి. మీవి గింజ పొడవుకు రెండు మూడు రెట్లు ఉన్నాయి, లెక్క సరిపోయింది. రోజు గడిచినా సగానికి పైగా గింజలు ఉబ్బి ఊరుకున్నాయంటే గింజలు పాతవి, లేదా నీళ్లలో ఎక్కువసేపు ఉండి గాలి అందక చచ్చిపోయాయి. అలాంటి మూటను ఇంకో రోజు ఉంచితే మొలకలు రావు, కుళ్లు వస్తుంది. అసలు ఉబ్బకుండా చిన్నగా, నిగనిగలాడుతూ ఉండిపోయేవి వేరు. వాటి పొట్టు నీళ్లు పీల్చదు. విషం కాదు గానీ పన్ను విరుగుతుంది, ఏరేయండి.

ఈసారి 100 గ్రాముల పెసలు తీసుకుంటే ముందు విరిగినవీ కన్నాలున్నవీ ఏరి, మూడుసార్లు కడిగి, తాగే నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి 8 గంటలు నానబెట్టండి. తేలినవి తీసేయండి. వేడి రోజుల్లో ఆరేడు గంటలు చాలు. వార్చాక గట్టి మూట కట్టొద్దు. మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. బిగించిన మూట మధ్యలో వేలు పెడితే వెచ్చగా తగులుతుంది, ఆ వెచ్చదనంలోనే పులుపు మొదలవుతుంది. చిల్లుల గిన్నెలో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, పది నిమిషాలు మరగబెట్టి ఆరేసిన గుడ్డను తడిపి పిండి పైన కప్పండి. ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి మంచినీళ్లతో కడిగి, చుక్క మిగలకుండా వార్చండి. తోక ఒక సెంటీమీటరు రాగానే ఆపేయండి. వెంటనే ఉడికించకపోతే కడిగి, పైతడి ఆరనిచ్చి, మూతడబ్బాలో ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. డబ్బా అడుగున నీళ్లు చేరి, ఆ నీళ్లు వేలికి జారుడుగా తగిలితే రెండు రోజులు కాకపోయినా పారేయాల్సిందే.